80 శాతం గెలిచే మ్యాప్ పిక్ చేసి ఓడిపోయాం: సీఎస్2 వీటోలో మా లెక్క ఎక్కడ తప్పింది?

2024 ఆగస్టులో ఒక ఆదివారం. మియాపూర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక గేమింగ్ కేఫ్. పది పీసీలు, రెండు టీమ్‌లు, చిన్న లోకల్ టోర్నమెంట్ సెమీఫైనల్. గేమ్ కౌంటర్‌స్ట్రైక్ 2. మా టీమ్‌లో నేను ఆడేది తక్కువ, లెక్కలు రాసేది ఎక్కువ. ఐదుగురిలో ఎవరికైనా ఆఫీస్ షిఫ్ట్ పడితే స్టాండ్-ఇన్‌గా కూర్చుంటాను, మిగతా టైమ్‌లో గూగుల్ షీట్ నింపుతుంటాను.

వీటో మొదలయ్యే ముందు మా కెప్టెన్ అడిగాడు: "ఏ మ్యాప్ పిక్ చేద్దాంరా?" నేను షీట్ తెరిచి విన్ రేట్ కాలమ్‌ని సార్ట్ చేశాను. పైన ఏన్షెంట్ ఉంది. 5 మ్యాచ్‌ల్లో 4 గెలుపులు, 80 శాతం. "ఏన్షెంట్ అన్నా, కళ్లు మూసుకుని పెట్టేయ్" అన్నాను. 5-13తో ఓడిపోయాం. రెండో మ్యాప్ అనుబిస్ 13-10తో గెలిచాం, మూడోది ఇన్ఫెర్నో 11-13తో పోయింది. సిరీస్ పోయింది, ఎంట్రీ ఫీజూ పోయింది.

ఆ రాత్రి షీట్ ముందు కూర్చుంటే అర్థమైంది: తప్పు ఆ 80 అనే అంకెలో లేదు, దాన్ని నేను చదివిన పద్ధతిలో ఉంది. ఆ తర్వాత రెండు నెలలు నేను ఏం మార్చానో, అది మాకు ఎంతవరకు పనికొచ్చిందో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. మీకూ ఐదుగురు ఫ్రెండ్స్‌తో ఒక టీమ్ ఉంటే, ఇదంతా మీరే ఒక సాయంత్రంలో చేసుకోవచ్చు.

ముందు వీటో ఎలా నడుస్తుందో చూద్దాం

సీఎస్2లో కాంపిటీటివ్ మ్యాప్ పూల్‌లో ఎప్పుడూ ఏడు మ్యాప్‌లు ఉంటాయి. నేను చెప్తున్న సమయంలో అవి మిరాజ్, ఇన్ఫెర్నో, న్యూక్, ఏన్షెంట్, అనుబిస్, డస్ట్2, వెర్టిగో. బెస్ట్ ఆఫ్ త్రీలో మామూలుగా వరస ఇలా ఉంటుంది: ఏ టీమ్ ఒకటి బ్యాన్, బీ టీమ్ ఒకటి బ్యాన్. తర్వాత ఏ ఒకటి పిక్, బీ ఒకటి పిక్. మళ్లీ ఏ ఒకటి బ్యాన్, బీ ఒకటి బ్యాన్. మిగిలిన ఏడోది డిసైడర్. ఒక టీమ్ పిక్ చేసిన మ్యాప్‌లో ఏ సైడ్‌తో మొదలుపెట్టాలో అవతలి టీమ్ ఎంచుకుంటుంది. డిసైడర్‌లో సైడ్‌ని సాధారణంగా నైఫ్ రౌండ్ తేలుస్తుంది. 13 రౌండ్లు ముందు గెలిచినవాళ్లది మ్యాప్.

పైకి చిన్న తంతులా కనిపిస్తుంది కానీ ఆ రెండు నిమిషాల్లోనే సిరీస్ ఒకవైపుకి ఒరిగిపోతుంది. పెద్ద స్టేజ్ మీద కూడా అంతే. 2024 మార్చి 31న కోపెన్‌హాగన్ మేజర్ ఫైనల్ గుర్తుందా? నావి, ఫేజ్ మధ్య. ఏన్షెంట్ నావి 13-9తో గెలిచింది. మిరాజ్‌లో అదే నావి 2-13తో చిత్తయింది. ఇన్ఫెర్నోలో 13-3తో గెలిచి కప్పు ఎత్తింది. ఒకే రోజు, అదే పది మంది ప్లేయర్లు. మ్యాప్ మారితే టీమ్‌ల మధ్య తేడా ఎంతలా మారుతుందో చూడండి. "ఈ టీమ్ బలమైనదా?" అన్నది సగం ప్రశ్నే. "ఏ మ్యాప్‌లో?" అని కూడా అడగాలి.

80 శాతం ఎందుకు అబద్ధం?

ఏప్రిల్ చివర్లో డస్ట్2 పూల్‌లోకి తిరిగొచ్చినప్పటి నుంచి మేం ఆడిన మ్యాచ్‌లన్నీ షీట్‌లో ఉన్నాయి. మిరాజ్‌లో 36 ఆడి 21 గెలిచాం, అంటే 58 శాతం. ఏన్షెంట్‌లో 5 ఆడి 4 గెలిచాం, 80 శాతం. షీట్ ఈ రెండింటినీ ఒకే కాలమ్‌లో పెట్టి 80 పెద్దది అని చెప్తుంది. కానీ ఐదు మ్యాచ్‌లంటే ఎంత? ఐదుసార్లు నాణెం ఎగరేస్తే నాలుగు బొమ్మలు పడటం వింతేం కాదు. ఆ మాటకొస్తే 36 మ్యాచ్‌ల 58 శాతం కూడా గట్టి అంకె కాదు. లెక్క ప్రకారం మా అసలు సత్తా దాదాపు 42 నుంచి 74 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

దీనికి ఒక సింపుల్ మందు ఉంది. ప్రతి మ్యాప్‌కీ ఊహగా 5 గెలుపులు, 5 ఓటములు ముందే కలిపేయండి. అంటే "ఆధారం దొరికేదాకా ఏ మ్యాప్ అయినా 50-50" అని మొదలుపెడుతున్నాం అన్నమాట. బీ కాలమ్‌లో గెలుపులు, సీ కాలమ్‌లో ఓటములు ఉంటే ఫార్ములా ఇదే:

```
=(B2+5)/(B2+C2+10)
```

ఇప్పుడు ఏన్షెంట్ 9/15, అంటే 60 శాతం. మిరాజ్ 26/46, అంటే 56.5 శాతం. 22 పాయింట్ల తేడా కాస్తా మూడున్నరకి దిగింది. 5 అనేదేమీ పవిత్రమైన అంకె కాదు. దాని అర్థం ఒక్కటే, పది మ్యాచ్‌లు ఆడేదాకా సొంత రికార్డ్‌ కంటే 50-50 అనే ఊహకే ఎక్కువ బరువు. మీరు చాలా మ్యాచ్‌లు ఆడేవాళ్లైతే ఇంకాస్త పెంచుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ఈ ఫార్ములా వెర్టిగోకి కూడా 50 శాతం ఇస్తుంది, ఎందుకంటే మేం అది ఒక్కసారి కూడా ఆడలేదు. కానీ ఆడని మ్యాప్ అంటే మామూలు మ్యాప్ కాదు, రాని మ్యాప్. స్మోక్ ఎక్కడ వేయాలో కూడా తెలియదు. అలాంటి చోట ఫార్ములాని పక్కన పెట్టి చేత్తో తక్కువ అంకె రాసుకోవాలి. నేను 25 రాశాను.

గెలుపులు లెక్కపెట్టకండి, రౌండ్లు చూడండి

ఫార్ములా పెట్టాక కూడా ఏన్షెంటే పైన ఉంది. అసలు సంగతి రౌండ్ స్కోర్లు తీసినప్పుడు బయటపడింది. ఆ ఐదు మ్యాచ్‌లు ఇవి: 13-4, 13-3, 13-5, 13-11, 6-13. మొదటి మూడు ఒకే టీమ్ మీద. వాళ్లు అప్పుడే కొత్తగా టీమ్ కట్టిన కాలేజీ కుర్రాళ్లు, మాతో స్క్రిమ్స్ ఆడి నేర్చుకుంటున్నారు. ఆ మూడు తీసేస్తే మాకు మిగిలింది 19 రౌండ్లు గెలిచి 24 ఓడిన రికార్డ్. అంటే రౌండ్లలో 44 శాతం. ఇదీ మా "బెస్ట్ మ్యాప్".

గెలుపు-ఓటమి కాలమ్ 13-3ని, 13-11ని ఒకేలా చూస్తుంది. రౌండ్ల కాలమ్ చూడదు. ఒక మ్యాచ్ నుంచి ఒక ఫలితం బదులు ఇరవై చిల్లర ఫలితాలు దొరుకుతాయి. అందుకే తక్కువ మ్యాచ్‌లు ఉన్నప్పుడు ఇదే త్వరగా నిజం చెప్తుంది. అయితే ప్రతి రౌండూ విడి సాక్ష్యం అనుకోకండి. పిస్టల్ రౌండ్ ఓడితే తర్వాతి రౌండ్లో చేతిలో డబ్బుండదు, అదీ పోయే ఛాన్స్ ఎక్కువ. ఒక రౌండ్ ఇంకో రౌండ్‌ని లాక్కుపోతుంది. కాబట్టి 43 రౌండ్లంటే 43 వేర్వేరు పరీక్షలు కావు, అంతకంటే తక్కువే.

ఇంకో కిటుకు ఎంపికలో ఉంది. ఏన్షెంట్‌ని మేం బలహీనమైన టీమ్‌ల మీదే ఆడాం, ఎందుకంటే బలమైన టీమ్‌తో సీరియస్ మ్యాచ్ అయితే భయపడి మిరాజే పిక్ చేసేవాళ్లం. మిరాజ్ 58 శాతం గట్టి ప్రత్యర్థుల మీద వచ్చింది, ఏన్షెంట్ 80 తేలికైనవాళ్ల మీద వచ్చింది. రెండూ ఒకే పరీక్ష పేపర్ కాదు. ఇది ఎలా పట్టుకోవాలి? షీట్‌లో రెండు కాలమ్స్ అదనంగా పెట్టండి: ప్రత్యర్థి ఎవరు, ఆ మ్యాప్ ఎవరి పిక్. ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే అనుమానించండి.

అవతలివాళ్ల బ్యాన్లే అసలు సమాచారం

మా మ్యాప్‌లు మాత్రమే చూసుకోవడం నా రెండో తప్పు. అక్టోబర్‌లో ఇంకో టోర్నమెంట్‌కి పేరిచ్చాం. ఇది మాకు కాస్త ముఖ్యమైనది, ఎందుకంటే మా ఏడబ్ల్యూపీ ప్లేయర్‌కి పుణేలో ఉద్యోగం వచ్చింది. ఈ ఐదుగురితో ఇదే ఆఖరు. క్వార్టర్స్‌లో ఎవరు వస్తారో వారం ముందే తెలిసింది కాబట్టి ఈసారి వాళ్ల ఫేసిట్ మ్యాచ్ హిస్టరీ మొత్తం కూర్చుని రాసుకున్నాను. గెలుపు-ఓటములతో పాటు, దొరికిన 11 బెస్ట్ ఆఫ్ త్రీల్లో ఎవరు ఏది బ్యాన్ చేశారో కూడా.

విన్ రేట్ కంటే బ్యాన్ లిస్టే ఎక్కువ మాట్లాడింది. 11 సిరీస్‌ల్లో 9 సార్లు వాళ్ల మొదటి బ్యాన్ వెర్టిగో. మిగతా రెండుసార్లు అవతలివాళ్లే ముందు దాన్ని తీసేశారు. అంటే వాళ్లూ మాలాగే వెర్టిగో అసలు ముట్టుకోరు. ప్రో మ్యాచ్‌లు చూసేవాళ్లు దీన్ని పర్మాబ్యాన్ అంటారు.

ఇక్కడే మాకు దారి కనిపించింది. ఎప్పుడూ అలవాటుగా మా మొదటి బ్యాన్ వెర్టిగోకే పెట్టేవాళ్లం. మనం పెడితే ఏమవుతుంది? వాళ్లు వెర్టిగో మీద ఖర్చు పెట్టాల్సిన బ్యాన్ మిగిలిపోతుంది, దాన్ని మా మంచి మ్యాప్ మీద వాడతారు. మనం పెట్టకపోతే? వాళ్లే పెడతారు, మా బ్యాన్ మాకు మిగులుతుంది.

ఇలాంటిదే పెద్ద స్థాయిలో 2018, 2019లో జరిగింది. డెన్మార్క్ టీమ్ ఆస్ట్రాలిస్ లాన్ ఈవెంట్లలో న్యూక్ మీద వరసగా 30కి పైగా మ్యాచ్‌లు గెలిచింది. అంత బలమున్న మ్యాప్ చేతిలో ఉంటే రెండే జరుగుతాయి: అవతలివాళ్లు దాన్ని వదిలేసి ఓడతారు, లేదా ఒక బ్యాన్ దాని మీద పోగొట్టుకుంటారు. మ్యాప్ ఆడకపోయినా లాభమే. మాకు అంత బలమేం లేదు గానీ, అవతలివాళ్ల బ్యాన్‌ని ఖర్చు పెట్టించాలనే ఆలోచన మాత్రం అదే.

లెక్క మొత్తం ఒకసారి వేసి చూద్దాం

రెండు టీమ్‌ల అంకెలు ఇవి. అన్నీ పైన చెప్పిన +5/+5 తర్వాతవి. ఈ రెండు నెలల్లో ఏన్షెంట్ మీద గట్టి టీమ్‌లతో ఆడి మా అంకెని 50కి తెచ్చుకున్నాం, మిగతావి పెద్దగా మారలేదు.

- డస్ట్2: మేం 53, వాళ్లు 44
- ఇన్ఫెర్నో: మేం 56, వాళ్లు 48
- ఏన్షెంట్: మేం 50, వాళ్లు 52
- మిరాజ్: మేం 56.5, వాళ్లు 59
- అనుబిస్: మేం 50, వాళ్లు 55
- న్యూక్: మేం 42, వాళ్లు 57

తేడాని 50కి కలిపితే మాకున్న ఛాన్స్ సుమారుగా వస్తుంది. డస్ట్2లో 59, ఇన్ఫెర్నోలో 58, ఏన్షెంట్‌లో 48, మిరాజ్‌లో 47.5, అనుబిస్‌లో 45, న్యూక్‌లో 35. అంకెలు 50కి దగ్గరగా ఉన్నప్పుడు ఈ షార్ట్‌కట్ చాలు. 80, 20 లాంటివి వస్తే ఇది పనిచేయదు. ఒక విషయం గమనించండి, మిరాజ్ మా బెస్ట్ మ్యాప్. అయినా వీళ్ల మీద మాత్రం అది మైనస్.

మొదటి రెండు మ్యాప్‌ల ఛాన్స్‌లు a, b, డిసైడర్‌ది c అనుకుంటే, సిరీస్ గెలిచే ఛాన్స్:

```
=a*b + (a+b-2*a*b)*c
```

మొదటి ముక్క రెండూ గెలవడం, రెండో ముక్క చెరొకటి గెలిచి డిసైడర్ కూడా గెలవడం.

పాత అలవాటు: మేం ముందు వెర్టిగో బ్యాన్ చేస్తే, వాళ్లు ఫ్రీగా డస్ట్2 తీసేస్తారు. మేం ఇన్ఫెర్నో పిక్, వాళ్లు న్యూక్ పిక్. మేం అనుబిస్ తీస్తాం, వాళ్లు ఏన్షెంట్ తీస్తారు, డిసైడర్ మిరాజ్. 0.58, 0.35, 0.475 పెడితే 45 శాతం వస్తుంది.

కొత్త ప్లాన్: మేం ముందు న్యూక్ బ్యాన్ చేస్తాం. వాళ్లు అలవాటుగా వెర్టిగో తీస్తారు. మేం డస్ట్2 పిక్, వాళ్లు మిరాజ్ పిక్. మేం అనుబిస్ తీస్తాం, వాళ్లు ఇన్ఫెర్నో తీస్తారు, డిసైడర్ ఏన్షెంట్. 0.59, 0.475, 0.48 పెడితే 52 శాతం.

ఒక్క బ్యాన్ మారిస్తే ఏడు పాయింట్లు. ఎయిమ్ ప్రాక్టీస్‌తో ఏడు పాయింట్లు తేవాలంటే నెలలు పడుతుంది.

కెప్టెన్‌కి ఇది చూపిస్తే మొదటి ప్రశ్న సరిగ్గా అడిగాడు: "వాళ్లు వెర్టిగో తీయకపోతే ఏందిరా మన పరిస్థితి?" అదీ లెక్కేశాను. వాళ్లు వెర్టిగో వదిలేసి డస్ట్2 బ్యాన్ చేస్తే మేం ఇన్ఫెర్నో పిక్ చేస్తాం, వాళ్లు మిరాజ్ పిక్ చేస్తారు. మా రెండో బ్యాన్ వెర్టిగోకి పెడతాం, డిసైడర్ అనుబిస్‌కి వెళ్తుంది. అప్పుడు కూడా 50 శాతం. పాత 45 కంటే నయమే. నిజంగా దెబ్బ తగిలేది వాళ్లు వెర్టిగోనే పిక్ చేస్తేనే. నెలల తరబడి ఆడని మ్యాప్‌ని నాకౌట్‌లో ఎవరు పిక్ చేస్తారు? చేసినా, అక్కడ ఇద్దరం కొత్తవాళ్లమే.

ఏం జరిగిందంటే

వీటో అచ్చం ప్లాన్ ప్రకారం నడిచింది. మేం న్యూక్ తీయగానే వాళ్లు పది సెకన్లు కూడా ఆలోచించకుండా వెర్టిగో తీసేశారు. డస్ట్2 13-9తో మాది. మిరాజ్ 8-13తో వాళ్లది. డిసైడర్ ఏన్షెంట్ 12-12 అయ్యి ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. 14-16తో ఓడిపోయాం.

బయట మిర్చి బజ్జీ బండి దగ్గర నిలబడ్డాం. ఎంట్రీ ఆడేవాడు నవ్వుతూనే అన్నాడు, "రెండు నెలలు షీట్ నింపినవ్, చివరికి మళ్లీ ఏన్షెంట్‌లోనే పోయినం కదరా." నాకు చురుక్కుమంది. కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే ఈ రెండు ఓటములు ఒకటి కావు. ఆగస్టులో మేం ఆడిన ఏన్షెంట్ మా చేతులారా తెచ్చుకున్నది, ఐదు మ్యాచ్‌ల అంకెని నమ్మి. అక్టోబర్‌లో ఏన్షెంట్ డిసైడర్‌గా మిగిలింది, మాకు దాదాపు సగం ఛాన్స్ ఉందని తెలిసే అక్కడికి వెళ్లాం. 52 శాతం అంటే గెలుస్తామని కాదు. వంద సిరీస్‌ల్లో 48 ఓడతామని కూడా దాని అర్థమే. మాకు ఆ 48లో ఒకటి దొరికింది.

అయితే "లెక్క కరెక్టే, అదృష్టం బాలేదు" అనేది ఎవరైనా ఎప్పుడైనా చెప్పుకోగలిగే సాకు. అది సాకా నిజమా తెలియాలంటే ఒకటే మార్గం: మ్యాచ్‌కి ముందే అంకె రాసి పెట్టడం, తర్వాత దిద్దకపోవడం. నేను ఇప్పుడు ప్రతి సిరీస్‌కీ వీటో అవ్వగానే ఒక అంకె రాస్తాను. 50 నుంచి 60 మధ్య ఛాన్స్ అని రాసిన సిరీస్‌లు ఇప్పటికి 11, గెలిచినవి 6. సరిగ్గానే కనిపిస్తుంది, కానీ 11 సిరీస్‌లతో ఏదీ తేలదు. 80 శాతం ఏన్షెంట్ నేర్పిన పాఠం నా సొంత షీట్‌కి కూడా వర్తిస్తుంది.

మీరు చేసేటప్పుడు చూసుకోవాల్సినవి

డేటా పాతబడుతుంది. నేను మూడు నెలల కంటే పాత మ్యాచ్‌లు లెక్కలోకి తీసుకోను. ఐదుగురిలో ఒకరు మారితే ఆ మ్యాచ్‌లకి వేరే ట్యాబ్. నేను స్టాండ్-ఇన్‌గా ఆడినవి కూడా అందులోనే వేస్తాను, నా వల్ల టీమ్ రికార్డ్ పాడవకూడదు కదా! అవతలివాళ్ల లిస్ట్‌లో కూడా అదే ఐదుగురు ఆడిన మ్యాచ్‌లే తీసుకోండి.

పూల్ మారితే ఎత్తుగడలు కూడా పోతాయి. 2025 జనవరిలో వాల్వ్ వెర్టిగో తీసేసి ట్రెయిన్ తెచ్చింది. దాంతో ఇద్దరికీ రాని మ్యాప్ అనే మా ఫ్రీ బ్యాన్ ఒక్కరోజులో మాయమైంది. అదే ఏడాది జూలైలో అనుబిస్ వెళ్లి ఓవర్‌పాస్ వచ్చింది. ప్రతి మార్పు తర్వాత నేను మొదట చూసేది విన్ రేట్లు కాదు. కొత్త మ్యాప్‌ని ఎవరు ప్రాక్టీస్ చేస్తున్నారు, ఎవరు చూడకుండానే బ్యాన్ కొట్టేస్తున్నారు, అది. చూడకుండా కొట్టేసేవాళ్లు దొరికితే, మన మొదటి బ్యాన్ ఇంకెక్కడైనా వాడుకోవచ్చు.

హైటెక్స్‌లో 2022 నుంచి 2024 దాకా ఏటా నవంబర్‌లో డ్రీమ్‌హ్యాక్ జరిగింది. మియాపూర్ నుంచి బండి మీద వెళ్లొచ్చేంత దూరమే. అలాంటి చోట పెద్ద స్క్రీన్ మీద వీటో వచ్చినప్పుడు చాలామంది ఫోన్ చూసుకుంటారు, లేదా సమోసా కోసం లేస్తారు. ఈసారి అక్కడే కూర్చోండి. మొదటి బ్యాన్ పడగానే పక్కవాడిని అడగండి: "వీళ్లు దీన్ని భయపడి తీశారా, లేక అవతలివాళ్లు ఎలాగూ తీసేవాళ్లేనా?" మ్యాచ్ అక్కడే మొదలవుతుంది.

మా ఏడబ్ల్యూపీ ప్లేయర్ పుణేలో ఉన్నాడు. శనివారం రాత్రుళ్లు ఆన్‌లైన్‌లో ఇంకా మాతోనే ఆడతాడు. అతని కోసం షీట్‌లో కొత్త ట్యాబ్ తెరిచాను. ప్రస్తుతానికి అందులో ట్రెయిన్ రికార్డ్ 3-0. వంద శాతం. ఎవరూ నమ్మట్లేదు, అది మంచిదే.